పసుపు రాసిన పదిహేను పైసల కార్డు

దీపావళికి ఇంకా పదకొండు రోజులుంది. నిన్న రాత్రి షట్టర్ సగం దించేసి లోపలే కూర్చుని చిట్టా తీశాం, నేనూ మా ఆవిడా. చిట్టా అంటే బాకీల చిట్టా అనుకునేరు, అది వేరే ఉంది, ఇది పండగ చిట్టా. పొడుగ్గా సన్నగా ఎర్ర గుడ్డ అట్ట వేసిన పుస్తకం. ఇందులో మన షాపుకి రెగ్యులర్‌గా వచ్చే ఇళ్ళ పేర్లన్నీ ఉంటాయి, పేరు పక్కన ఏటికో గడి, ఆ గడిలో ఒక గుర్తు. ఇప్పుడున్నది మూడో పుస్తకం, మొదటి రెండూ నాయన చేతిరాత.

మా షాపు చెన్నై షావుకారుపేటలో, మింట్ స్ట్రీట్ నుంచి లోపలికి పోయే ఒక సందులో. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళ టంకశాల ఉండిందట ఆ వీధిలో, అరవంలో ఇప్పటికీ తంగసాలై అనే అంటారు. షాపు వెడల్పు ఎనిమిది అడుగులు, ఇద్దరు కస్టమర్లు కూర్చుంటే మూడోవాళ్ళు మెట్టు మీదే. నాయన నెల్లూరు నుంచి వచ్చి పెట్టిన కొత్తలో గోల్డ్ కంట్రోల్ చట్టం ఉండేది, 1990 దాకా ఉండింది లెండి, ప్రతి గ్రామూ రిజిస్టర్లో రాయాల్సిందే, ఎవడు ఎప్పుడొచ్చి చూస్తాడో తెలీదు. గవర్నమెంటు రిజిస్టర్లో బంగారం లెక్క, నా చిట్టాలో మనుషుల లెక్క అనేవాడు నాయన. అప్పుడు నాకు ఆ మాట గొప్పగా ఏం అనిపించలేదు, పనుల్లోకెల్లా విసుగు పుట్టించే పని ఈ చిట్టా పనే మరి.

విసుగు ఎందుకంటే ప్రతి దీపావళికీ పది పన్నెండు రోజుల ముందు నాయన పోస్టాఫీసు నుంచి పదిహేను పైసల కార్డులు కట్టలుగా తెచ్చేవాడు. మూడు రాత్రులు వాటితోనే సరి. ఆయన రాస్తాడు, నేను నాలుగు మూలలా పసుపు అద్దాలి. పసుపు నీళ్ళలో తడపకూడదు, కార్డు ఉబ్బిపోయి ఇంకు చెదురుతుంది, పొడి పసుపులో వేలు ఒత్తి ఒక్కసారి తట్టి తీసెయ్యాలి. తెలుగువాళ్ళకి నాయన రాస్తే, అరవం వాళ్ళకి మా గుమాస్తా రాసేవాడు. అచ్చు వేయించొచ్చు కదా, పక్క షాపువాళ్ళు వేయిస్తున్నారు అని ఒకసారి అడిగితే, అచ్చు కార్డు వస్తే వాళ్ళు ముందు వెనక్కి తిప్పి ఏం అమ్ముతున్నారా అని చూస్తార్రా అన్నాడు.

కార్డు మీద మేటర్ పెద్దగా ఏం ఉండదు. పైన శ్రీ. కింద మ.రా.శ్రీ అనో మ.ల.సౌ అనో మొదలుపెట్టి పేరు, ఉభయకుశలోపరి, రాబోవు దీపావళి మీ ఇంట పిల్లాపాపలతో సంతోషముగా జరుగవలెనని కోరుచున్నాము, పండుగకు ముందు నగలు కడిగించుకొనదలచిన పంపగలరు, చిత్తగించవలెను. అంతే. ఆ కడిగించుకొనదలచిన అన్న ముక్క ఒక్కటే షాపు సంగతి, అది కూడా డబ్బు తీసుకునే పని కాదు. కుంకుడుకాయ నీళ్ళలో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో రుద్ది ఇచ్చేవాళ్ళం, ఫ్రీ. రాళ్ళు పొదిగినవైతే ఎక్కువసేపు నాననివ్వకూడదు, లక్క వదులైపోతుంది, ముత్యాలైతే అసలు ముంచనే కూడదు, ఆ జాగ్రత్తలు నాకు అప్పుడే నేర్పాడు.

1988లో నేను తొమ్మిదో క్లాసు. నాయనకి ఆ ఏడు కుడి చెయ్యి మణికట్టు నొప్పి, నువ్వే రాయరా నీ రాత బాగుంటుంది అన్నాడు. చిట్టా చూసి పోయిన ఏడు ఎవరికి ఎలా రాశాడో అలాగే కాపీ కొట్టమన్నాడు. కొట్టాను. రెండు రాత్రుల్లో తొంభై కార్డులు, ఒక్క తప్పు లేదు అని నేనే మురిసిపోయా.

నాలుగు రోజులకి పోస్టాఫీసు అమ్మ వచ్చింది. ఆవిడ పోస్టాఫీసులో పని చెయ్యదు, ఇల్లు పోస్టాఫీసు ఎదురుగా ఉంటుందని మేం పెట్టుకున్న పేరు. ఏం మాట్లాడలేదు, పర్సులోంచి నా కార్డు తీసి కౌంటర్ గాజు మీద పెట్టింది. మ.ల.సౌ అని ఉంది, మహాలక్ష్మీ సమానురాలైన సౌభాగ్యవతి అని. ఆవిడ భర్త ఆషాఢంలో పోయాడు, నాయన కర్మకి కూడా వెళ్ళొచ్చాడు, చిట్టాలో ఆ గడిలో ఒక నల్ల చుక్క కూడా పెట్టాడు. నేను పోయిన ఏటి గడి చూసి రాశాను గానీ ఈ ఏటి గడి చూళ్ళేదు. అసలు చుక్క అంటే ఏంటో నాకు చెప్పనూ లేదు ఆయన, నేను అడగనూ లేదు.

నాయన లేచి చేతులు జోడించాడు. పిల్లాడు రాశాడమ్మా అనలేదు, తప్పు మాది అన్నాడు. ఆవిడ, తెలుసు నాయనా, పిల్లాడి రాత అని తెలుస్తూనే ఉంది, వేరే ఎవరి చేతిలో పడకూడదని తెచ్చిచ్చా, అని చెప్పి నా తల మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది. తిట్టుంటే బాగుండు అనిపించింది నాకు.

ఆ రాత్రి చుక్క సంగతి చెప్పాడు. నల్ల చుక్క అంటే ఆ ఇంట్లో ఏడాది లోపల ఎవరో పోయారు, సంవత్సరీకం అయ్యేదాకా పండగ లేదు, ఆ ఇంటికి కార్డు పోకూడదు. నక్షత్రం అంటే కొత్తగా పెళ్ళయిన ఇల్లు, అల్లుడు పెళ్ళయ్యాక మొదటి దీపావళికి, అదే తలదీపావళికి వస్తాడు, వాళ్ళకి ఒక లైను ఎక్కువ రాయాలి. సున్నా అంటే ఊరు మారారు. ఇంకోటి కూడా ఆ రాత్రే తేల్చేశాడు, ఇక మ.ల.సౌలు మ.రా.శ్రీలు బంద్, ఆడవాళ్ళందరికీ అమ్మగారికి నమస్కారాలు, మగవాళ్ళందరికీ అయ్యగారికి నమస్కారాలు. ఎవరికైనా సరిపోయే మాట రాస్తే ఎవరికీ గుచ్చుకోదు కదా. ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగే దీపాల బొమ్మల మీద దీర్ఘసుమంగళీ, సకల సౌభాగ్యాలు అని బంగారు అక్షరాలు చూసినప్పుడల్లా నాకు ఆ కౌంటర్ గాజు గుర్తొస్తుంది, ఆ బొమ్మ ఎంత బాగున్నా ముందుకు పంపను. పంపితే పైన ఫార్వర్డెడ్ అని పడుతుంది అదో పరువు తక్కువ, అది వేరే సంగతి.

నాయన బుద్ధులన్నీ వచ్చేశాయి అనుకోకండి, నేను చేసిన ఘనకార్యం ఇంకోటుంది. 2018లో కొత్తగా బిజినెస్ వాట్సాప్ పెట్టుకున్నా, కార్డులెందుకు అంతా ఒక్క నిమిషంలో అయిపోతుంది అని ఒక గ్రూపు చేసి నూట నలభై నంబర్లు అందులో పడేసి, పైన దీపం బొమ్మ పెట్టి, అందరికీ దీపావళి శుభాకాంక్షలు అని కొట్టా. గ్రూపుకీ బ్రాడ్‌కాస్ట్‌కీ తేడా అప్పటికి నాకు తెలీదు. బ్రాడ్‌కాస్ట్‌లో ఎవరికి వాళ్ళకి విడిగా వచ్చినట్టు పోతుంది, జవాబు నాకొక్కడికే వస్తుంది. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. పది నిమిషాల్లో ఒక తోడికోడలు ఇంకో తోడికోడల్ని, నువ్వూ ఇక్కడే కొంటావా చెప్పనే లేదే అని అడిగింది, అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. నేనూ నవ్వా. కానీ అదే లిస్టులో ఒకావిడ ఉంది, కొనడానికి కాదు, కొడుకు ఫీజు కోసం రెండు గాజులు అమ్మడానికి వచ్చింది అంతకు ముందు నెలలో, ఇంట్లో ఎవరికీ తెలీకుండా. ఆవిడ ఆడపడుచు కూడా మా కస్టమరే, గ్రూపులో ఉంది. నీకు ఈ షాపుతో ఏం పని అని అడిగిందో లేదో నాకు తెలీదు. ఆవిడ ఏమీ అనకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయింది, లెఫ్ట్ అని ఒక చిన్న బూడిద రంగు లైను. మళ్ళీ మా మెట్టు ఎక్కలేదు. ఎనిమిది గంటలకి గ్రూపు తీసేశా, తీసేస్తే ఏం లాభం.

రెండేళ్ళకి బ్రాడ్‌కాస్ట్ నేర్చుకున్నా. ఒక లిస్టులో 256 మంది దాకా పెట్టొచ్చు, మనకి చాలు. కానీ దాంట్లోనూ తిరకాసుంది, వాళ్ళ ఫోన్లో మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది. మనం వాళ్ళ నంబర్ పెట్టుకుంటాం గానీ నగల షాపు నంబర్ ఎంతమంది సేవ్ చేసుకుంటారు చెప్పండి. పండగయ్యాక ముగ్గురు నలుగురు, ఏమయ్యా ఈసారి మమ్మల్ని మర్చిపోయావే అన్నారు. నేను పంపాననే అనుకుంటున్నా, వాళ్ళు పంపలేదనే అనుకుంటున్నారు, ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు.

అందుకని ఇప్పుడు ఒక్కొక్కరికి విడిగానే కొడతా, మూడు రాత్రులు పడుతుంది, అంటే నాయన కార్డులకి పట్టినంతే. మధ్యలో మాటలు కాపీ పేస్ట్ చేస్తాను, అబద్ధం ఎందుకు, కానీ పేరూ మొదటి లైనూ మాత్రం చేత్తో కొట్టాల్సిందే. వాయిస్ మెసేజ్ పెట్టు సులువు అంటుంది మా అమ్మాయి, వంట చేస్తూనో ఆఫీసులోనో ఉన్నవాళ్ళు నలుగురి మధ్య నగల షాపువాడి గొంతు వినాల్సి వస్తుంది, వద్దు.

మొదటి లైనులో ఏం రాయాలన్నది పెద్ద తలనొప్పి. మనకి వాళ్ళ గురించి బాగా తెలిసింది ఏంటంటే వాళ్ళు ఏం కొన్నారు, ఎంతకి కొన్నారు, ఎంత బాకీ ఉంది, ఏది అమ్ముకున్నారు. అవే రాయకూడనివి. ఇదీ దెబ్బ తినే నేర్చుకున్నా. ఒక సారుకి, పోయిన నెల తీసుకున్న నెక్లెస్ పండగకి అమ్మగారు పెట్టుకోవాలి అని ఎంతో ఆప్యాయంగా రాశా, బిల్లులో ఉన్న నంబర్‌కి. ఆ నంబర్ వాళ్ళావిడది. నెక్లెస్ ఆయన కొన్నది చెల్లెలికి. ఆ దీపావళికి వాళ్ళింట్లో టపాసులు వేరే కొనక్కర్లేకపోయింది అని ఆయనే తర్వాత చెప్పాడు, నవ్వుతూనే చెప్పాడు గానీ ఏడాది పట్టింది ఆ నవ్వు రావడానికి.

నగ గురించి కాకుండా మనిషి గురించి రాయాలి, అది కూడా వాళ్ళంతట వాళ్ళు కౌంటర్ దగ్గర నలుగురిలో చెప్పిన సంగతే అయ్యుండాలి. మనవడు నడక మొదలుపెట్టాడు, మోకాలు ఆపరేషన్ అయ్యింది, కొళత్తూరులో ఇల్లు మారారు, ఇలాంటివి. మెల్లిగా అడిగిందీ తలుపు దగ్గర గుసగుసగా చెప్పిందీ రాయకూడదు.

టైమ్ కూడా చూసుకోవాలి. ధన త్రయోదశి నాడు పంపితే ఎంత చక్కగా రాసినా రండి కొనండి అన్నట్టే ఉంటుంది. ఆ రోజు వ్యాపారం అయిపోయాక, పండగ ముందు రోజు సాయంత్రం ఆరు ఏడు మధ్యలో పంపుతా. ఇక్కడ తెల్లవారుజామున నరక చతుర్దశి తలంటే పెద్ద పండగ కదా, తెల్లారితే నూనె చేతులతో ఎవరూ ఫోన్ పట్టుకోరు. ఆంధ్రాలో ఉన్న కస్టమర్లకి మాత్రం క్యాలెండర్ విడిగా చూస్తా, 2018లో మనకి నవంబర్ 6, వాళ్ళకి 7, ఒక రోజు ముందే చెప్పేశావేంటి అన్నారు.

ఈ ఏడు చిక్కు టీచరమ్మ ఇంటితో వచ్చింది, నిన్న రాత్రి అరగంట దాని మీదే అయిపోయింది. రిటైర్డ్ టీచర్, ఇరవై ఏళ్ళ నుంచి వస్తుంది, కూతురి పెళ్ళి జూన్‌లో అయ్యింది, సూత్రాలు మన దగ్గరే చేయించారు. కాబట్టి గడిలో నక్షత్రం. నేను మొదట కొట్టిపెట్టుకున్నది ఇది.

"టీచరమ్మ గారికి నమస్కారాలు. పాప తలదీపావళి, అల్లుడుగారి రాకతో ఇల్లు కళకళలాడాలి. అల్లుడుగారి ఉంగరం సంగతి ఎప్పుడైనా చెప్పండి, రేటు ఇంకా పెరిగేలా ఉంది."

మా ఆవిడ చదివి ఆ చివరి లైను కొట్టెయ్ అంది. బంగారం రేటు బాగా పెరిగిన ఏడాది ఇది, మధ్యతరగతి ఇంట్లో తలదీపావళి ఉంగరం అంటే ఎంత భారమో వాళ్ళకి తెలుసు, దాన్ని శుభాకాంక్షల్లో గుర్తుచేస్తే వడ్డీవాడి పలకరింపులా ఉంటుంది. పైగా పెళ్ళి నగల్లో పద్నాలుగు వేలు ఇంకా బాకీ ఉంది వాళ్ళది, ఏ మాట రాసినా ఆవిడకి ఆ పద్నాలుగు వేలే కనిపిస్తాయి. నాయన పద్ధతి ఏంటంటే బాకీ మాట కార్తీక పౌర్ణమి దాటాకే, అదీ ఫోన్‌లోనో మనిషి ఎదురుగానో, పండగ చీటీ మీద ఎప్పుడూ కాదు. సరే కొట్టేశా.

అప్పుడు మా ఆవిడ ఇంకో మాటంది, ఆగస్టులో టీచరమ్మ అత్తగారు పోయారు కదా, గుళ్ళో ఎవరో చెప్పారు. అంటే అదే గడిలో నక్షత్రమూ ఉండాలి, చుక్కా ఉండాలి. ఇలాంటప్పుడు మనం ఊహించి రాయకూడదు. కొన్ని ఇళ్ళల్లో ఏడాదంతా పండగ మానేస్తారు, కొన్ని ఇళ్ళల్లో కొత్త అల్లుడి కోసం పెద్దలు వేరే దారి చూస్తారు, ఇంటింటికీ ఆచారం వేరు. మా ఆవిడే ఫోన్ చేసింది, పండగ ఊసెత్తకుండా ఆరోగ్యం అడిగింది, టీచరమ్మే చెప్పింది, పెద్దావిడ పోయింది కదమ్మా ఈ ఏడు మాకేం లేదు, తలదీపావళి వచ్చే ఏటికి పెట్టుకున్నాం, పాప అత్తారింట్లోనే ఉంటుంది అని.

దాంతో ఆ ఒక్క మెసేజ్ రెండైంది. కూతురిది ఇప్పుడు వేరే ఇల్లు, అక్కడ పండగ ఉంది, కాబట్టి ఆ అమ్మాయికి మామూలుగా పంపొచ్చు, తలదీపావళి అన్న మాట మాత్రం తీసేసి. టీచరమ్మకి పండగ ముందు రోజు ఏమీ పోకూడదు. అందుకని నిన్న రాత్రే, ఇంకా పన్నెండు రోజులుండగానే, ఇది పంపా.

"టీచరమ్మ గారికి నమస్కారాలు. మీ అత్తగారి సంగతి ఇప్పుడే తెలిసింది, ముందే రావాల్సింది, ఏమనుకోకండి. పెద్దావిడ మా నాయన ఉన్నప్పుడు షాపులో ఆ మూల స్టూలు మీద కూర్చునేవారు, మాకు బాగా గుర్తు. కార్తీకంలో ఒకరోజు ఇద్దరం ఇంటికొచ్చి కనపడతాం."

రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు, రావాలనీ లేదు.

మిగతావాళ్ళకి పోయేది ఇలా ఉంటుంది, చదివేవాళ్ళలో మన షాపు వాళ్ళుంటే ముందే చూసేసినట్టవుతుంది, పర్వాలేదు.

"అమ్మగారికి నమస్కారాలు. మనవడు నడుస్తున్నాడన్నారు, ఈసారి చిచ్చుబుడ్డి దగ్గర వాణ్ణి పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి మీకు. దీపావళి మీ ఇంట్లో హాయిగా జరగాలి. పండగ రోజూ మర్నాడూ షాపు సెలవు. ఆ తర్వాత కమ్మల తిరుగాణి వదులైనా, గొలుసు కొక్కెం సాగినా తెచ్చివ్వండి, కూర్చున్నంతసేపట్లో సరిచేసి ఇస్తాం."

కింద నా పేరు, షాపు పేరు. లోగో లేదు, రేటు లేదు, తరుగు మీద తగ్గింపు లేదు. ఆ ఆఫర్లు ఉంటే అవి స్టేటస్‌లో పెడతా, కావాల్సినవాళ్ళు చూసుకుంటారు. తిరుగాణి లైను ఉత్తినే పెట్టింది కాదు, పండగకి బీరువాలోంచి తీసిన నగలు పెట్టుకుని తీసేటప్పుడే మర అరిగింది తెలుస్తుంది, పోగొట్టుకునేది ఆ తర్వాత నెలలోనే ఎక్కువ. ఇద్దరు ముగ్గురు వస్తారు ఆ పని మీద, పైసా తీసుకోం.

నాయన 2019లో పోయాడు, వేసవిలో. ఆ దీపావళికి నేనెవరికీ ఏమీ పంపలేదు, మాకే పండగ లేదు, షాపులో అమావాస్య లక్ష్మీపూజ కూడా లేదు, లేకపోతే ఆ రోజు నాయన చిన్న త్రాసూ గీటురాయీ కడిగి పసుపు కుంకుమ పెడతాం. అలవాటు చొప్పున సాయంత్రం ఫోన్ చూశా. ప్రతి ఏడూ నేను పంపకముందే దీపాల బొమ్మలు పంపేసే వాళ్ళు కనీసం యాభై మంది ఉంటారు. ఆ రోజు నాలుగే వచ్చాయి, నాలుగూ హోల్‌సేల్ వాళ్ళవి. కస్టమర్లలో ఒక్కరు కూడా పంపలేదు.

ఇందాకటి పోస్టాఫీసు అమ్మకి ఇప్పుడు ఎనభై దాటాయి. స్మార్ట్ ఫోన్ లేదు, మామూలు ఫోనూ ఎత్తదు, వినపడదు. అలాంటివాళ్ళు చిట్టాలో ఇంక ఇద్దరే మిగిలారు, వాళ్ళకి మాత్రం కార్డే. కార్డు ఇప్పుడు యాభై పైసలు, చిల్లర లేదని కౌంటర్లో పది కార్డులు ఒకేసారి అంటగట్టారు, మిగిలిన ఎనిమిదీ వచ్చే ఏళ్ళకి. అమ్మగారికి నమస్కారాలు అని రాశా, రాత మాత్రం 1988 నాటి కంటే ఘోరంగా ఉంది, బిల్లులు కూడా కంప్యూటర్లో కొట్టీ కొట్టీ చెయ్యి మర్చిపోయింది. పసుపు మా అమ్మాయి అద్దింది. చెప్పినా వినకుండా తడి వేలితో అద్దింది, ఒక మూల ఉబ్బింది, పర్లేదు, అడ్రస్ కనిపిస్తోంది. పొద్దున షాపు తీసే ముందు డబ్బాలో వేసెయ్యాలి.